ఒకే నేవీ కుర్తా సెట్టుతో సంగీత్, వ్రతం, రిసెప్షన్: లుక్ మార్చే పద్ధతి, వరసగా

ఎంబ్రాయిడరీ ఏమీ లేని సాదా ముదురు రంగు కుర్తా సెట్టు ఒకటి దాదాపు ప్రతి బీరువాలోనూ ఉంటుంది. దాన్నే మళ్లీ వేసుకుంటే "మొన్న వేసుకున్నదేగా" అనిపించకుండా ఎలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. అడిగినవాళ్లలో ఎక్కువమంది నగల దగ్గర మొదలుపెడతారు. అక్కడే తేడా వస్తుంది. సాదా ముదురు గుడ్డ మీద దూరం నుంచి కనిపించేది చున్నీ ఒక్కటే. కమ్మలు నాలుగడుగుల దగ్గరికి వస్తేగానీ కనిపించవు. అందుకని ముందు చున్నీ, చున్నీ అంచు చూసి నగ, నగ చూసి జడ, చివరికి చెప్పులు. ఈ వరస తప్పితే ఎంత కొన్నా లుక్ మారదు.

## 1. నలుపా, నేవీనా: ముందు ఇది తేల్చుకోండి

ఇంకా కొనకపోతే నేవీ కొనండి. మన ఇళ్లలో పూజకీ, పెళ్లి పీటల దగ్గరికీ, సీమంతానికీ నలుపు వేసుకొస్తే పెద్దవాళ్లు ఒప్పుకోరు. నల్ల సెట్టు పుట్టినరోజుకీ, సంగీత్‌కీ, రిసెప్షన్‌కీ పనికొస్తుంది గానీ వ్రతానికి పనికిరాదు. నేవీ అన్నిటికీ నడుస్తుంది.

నేవీతో ఉన్న చిక్కు ఒక్కటే. మరీ ముదురుదైతే ట్యూబ్‌లైటు కింద నల్లగానే కనిపిస్తుంది. పెద్దత్తయ్యకి అది నేవీ అని గుమ్మంలో నిలబడి వివరించలేం. అందుకే షాపులో గుడ్డని నల్ల గొడుగు పక్కనో, నల్ల హ్యాండ్‌బ్యాగు పక్కనో పెట్టి, ఒకసారి లోపలి లైటు కింద, ఒకసారి వాకిట్లో ఎండలో చూడండి. రెండు చోట్లా నీలం తెలిస్తేనే తీసుకోండి.

ఇప్పటికే ఉన్న సెట్టు మరీ ముదురైతే దానికీ దారుంది. పూజలప్పుడు పసుపు, కుంకుమ ఎరుపు, చిలకాకుపచ్చ లాంటి రంగు చున్నీని ఎదురుగా నడుం దాకా పరిచి పిన్ను చేసుకుంటే ముదురు రంగు అడుగున అంచులా మాత్రమే మిగులుతుంది.

## 2. సెట్టులో చూడాల్సినవి

మెడ దగ్గర తప్పు చేస్తే సగం నగలు మూలనపడతాయి. బోట్ నెక్ మీద చోకర్ ఇరుకుగా ఉంటుంది, కాలరుంటే పొడుగు హారం తప్ప ఏదీ కుదరదు. మెడ నుంచి పొట్ట దాకా బొత్తాల వరస ఉంటే హారం దాని మీదే పడి రెండూ కొట్టుకుంటాయి. ఎదురుగా 6 అంగుళాల లోతున్న మామూలు రౌండ్ నెక్ అన్నిటికీ సర్దుకుంటుంది. చోకర్ చర్మం మీద కూర్చుంటుంది, హారం గుడ్డ మీద పడుతుంది.

చేతులు మోచేతికి కాస్త కిందికి, అంటే త్రీ ఫోర్త్ ఉండాలి. ఫుల్ హ్యాండ్స్ అయితే గాజులు లోపల దాక్కుంటాయి.

ప్యాంటు పొడుగుని చెప్పుల్లేకుండా నిలబడి కొలిపించండి. పూజ ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే ఉంటాయి. హీల్స్‌కి సరిపెట్టి కుట్టించిన ప్యాంటు లోపలికి రాగానే నేలని ఊడుస్తుంది. చీలమండ దగ్గర ఆగే ప్యాంటైతే వట్టికాళ్లతో ఉన్నప్పుడు పట్టీలు కనిపిస్తాయి, హీల్స్ వేసినప్పుడు పొట్టిగానూ అనిపించదు.

కొన్న రోజే చేయాల్సినవి:

- తడి తెల్ల కర్చీఫుతో కుర్తా లోపలి కుట్టు దగ్గర పదిసార్లు రుద్దండి. నీలం అంటితే చన్నీళ్లలో విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట నమ్ముకోకండి. అదనంగా ఉన్న రంగు పోవాలంతే.
- రంగు పోవడం ఆగేదాకా లేత రంగు చున్నీ దాని మీద వేయకండి. చెమటకి భుజం దగ్గర నీలం దిగుతుంది, ఇక పోదు.
- ఇస్త్రీ ఎప్పుడూ తిరగేసి, లోపలి వైపు నుంచే చేయండి. ముదురు గుడ్డ మీద నేరుగా వేడి తగిలితే కుట్ల దగ్గర మెరుపు మచ్చలు పడతాయి. ఫోటో ఫ్లాష్‌లో అవే ముందు కనిపిస్తాయి.

## 3. చున్నీలు మూడు చాలు

సెట్టుతో వచ్చిన నేవీ చున్నీని ఆఫీసుకి ఉంచుకోండి. ఫంక్షన్లకి మూడు వేరే కావాలి: పూజకి ఒక నేత చున్నీ, డాన్సుకి ఒక తేలిక చున్నీ, రాత్రి విందుకి వెండి జరీది ఒకటి.

నేత చున్నీకి మంగళగిరి నిజాం అంచుది గానీ, పోచంపల్లి ఇక్కత్‌ది గానీ తీసుకోవచ్చు. పెడన కలంకారీ కూడా బాగుంటుంది గానీ అందులో రంగులు మట్టి ఛాయలో ఉంటాయి కాబట్టి నేవీ మీద కాస్త నిదానంగా కనిపిస్తుంది. బారసాలకీ, అన్నప్రాసనకీ అది సరిపోతుంది. పెళ్లింటి వ్రతానికి మెరుపు చాలదు.

అసలు మంచి చున్నీ అమ్మ పెట్టెలో ఉంటుంది. కట్టని పాత పట్టుచీర 5.5 మీటర్లుంటే దాన్లోంచి 2.5 మీటర్ల చున్నీలు రెండు వస్తాయి. అమ్మని అడిగాకే కత్తెర పట్టండి.

పట్టుచీర నుంచి చున్నీ: వరస

1. మడతల దగ్గర చీరని వెలుతురుకి ఎత్తి చూడండి. గీతల్లా సన్నటి చీలికలు కనిపిస్తే ఆ భాగం వదిలేయండి.
2. మిగిలిన చోట రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగి చూడండి. పోగులు విడిపోతే పట్టు పాడైనట్టే. పిన్ను పెడితే చిరుగుతుంది.
3. పల్లూ చివర నుంచి 2.5 మీటర్లు కొలిచి అడ్డంగా కత్తిరించండి. నిలువుగా ముట్టుకోకండి. వెడల్పు ఎక్కువైందని ఒక వైపు కోస్తే ఒక అంచు పోతుంది.
4. కోసిన చివర పీకో చేయించండి. కుచ్చులు కట్టించుకుంటే ఇంకా బాగుంటుంది. పీకో లేకుండా ఒక్కసారి వేసినా పోగులు వస్తూనే ఉంటాయి.

వేసుకునేటప్పుడు పల్లూ ఉన్న చివరే ముందుకి రావాలి. వెనక్కి పోయిందంటే చీర కోసిన ఫలితం వెనకున్నవాళ్లకే దక్కుతుంది.

## 4. కుచ్చిళ్లు ముందురోజే పెట్టేయండి

ఒక భుజం మీద కుచ్చిళ్లతో వేసే చున్నీ ఫంక్షన్ రోజు పొద్దున హడావిడిలో సరిగ్గా రాదు. ముందురోజు రాత్రి మంచం మీద పరిచి చేయాలి.

1. ఏ అంచు పైకి కనిపించాలో తేల్చుకుని, దానికి ఎదుటి అంచు నుంచి మడతలు మొదలుపెట్టండి. చివరి మడతగా మంచి అంచు పైకి వస్తుంది.
2. 36 అంగుళాల వెడల్పు చున్నీకి 4 అంగుళాల మడత పెడితే 9 పొరలు వస్తాయి. 45 అంగుళాల చీర ముక్కకి 5 అంగుళాల మడత పెట్టండి, మళ్లీ తొమ్మిదే.
3. బట్టలారేసే క్లిప్పులు మూడు చోట్ల పెట్టి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి.
4. అలాగే హ్యాంగరుకి వేలాడదీయండి. పొద్దున భుజం దగ్గర క్లిప్పు తీసి పిన్నీసు పెట్టడమే మిగులుతుంది.

పిన్నీసు పెట్టడానికీ ఒక పద్ధతుంది. ముందు పిన్నులోకి ఒక చిన్న పూసని ఎక్కించి, చుట్ట ఉన్న చివరదాకా జరపండి. జరీ పోగులు ఆ చుట్టలోకి పోకుండా పూస ఆపుతుంది. పిన్నుని కుర్తా లోపలి నుంచి గుచ్చి, భుజం కుట్టు దగ్గర రెండు పొరల గుడ్డ పట్టుకునేలా పెట్టండి. కుట్టు వదిలేసి పక్కన పెడితే పట్టు బరువుకి కుర్తా చిరుగుతుంది. చున్నీకి తొమ్మిది పొరలూ అక్కర్లేదు, కింది మూడు పొరలు పట్టుకుంటే చాలు.

## 5. జరీ ఏ రంగో, నగ ఆ రంగు

చున్నీ అంచు బంగారు జరీ అయితే నగ బంగారు ఛాయ. వెండి జరీ అయితే ముత్యాలు, తెల్ల రాళ్లు, వెండి. పాత పట్టుచీర జరీ కాస్త ఎర్రబారి ఉంటుంది, దాని పక్కన తళతళలాడే కొత్త వన్ గ్రామ్ గోల్డ్ అతికించినట్టుంటుంది. మ్యాట్ లేదా యాంటిక్ మెరుగున్నది పెట్టుకోండి.

రెండో నియమం కూడా అంతే చిన్నది: చెవి, మెడ, నడుం, మూడింట్లో ఒకటే పెద్దది. ముదురు సాదా గుడ్డ ప్రతి మెరుపునీ ఎత్తి చూపిస్తుంది కాబట్టి మూడూ పెద్దవైతే నగల కొట్టు బొమ్మకి తొడిగినట్టుంటుంది.

గాజుల సైజు ఒక్క మాట. 2.4 అంటే లోపలి కొలత 2 అంగుళాల 4 పదహారో వంతులు, అంటే రెండుంపావు అంగుళాలు. 2.6 అంటే 2 అంగుళాల 6 పదహారో వంతులు. లాడ్ బజార్ లక్క గాజులైనా, మట్టి గాజులైనా సాగవు. ఆన్‌లైన్లో తెప్పించుకునేముందు మీకు పట్టే పాత గాజుని స్కేలు మీద పెట్టి లోపలి వెడల్పు చూసుకోండి.

## 6. ఒక పెళ్లి, ఒకే సెట్టు: మూడు లుక్కులు

గురువారం సాయంత్రం సంగీత్, శుక్రవారం రాత్రి పెళ్లి, శనివారం ఉదయం సత్యనారాయణ వ్రతం, ఆదివారం రాత్రి రిసెప్షన్ అనుకుందాం. పెళ్లికి ఎలాగూ చీరే. మిగతా మూడింటికీ ఒకే నేవీ సెట్టు.

ఇందులో ముందు చూసుకోవాల్సింది ఉతుకు. వ్రతానికి విడిచిన బట్ట పనికిరాదు, ఉతికినదే కావాలి. అందుకే గురువారం రాత్రి రాగానే కుర్తా ఉతికి ఫ్యాన్ కింద ఆరేయాలి. శుక్రవారమంతా టైముంటుంది. మీ గుడ్డ నీడలో ఎన్ని గంటల్లో ఆరుతుందో ఇంటి దగ్గర ఒకసారి చూసుకుని బయల్దేరండి. డ్రై క్లీన్ మాత్రమే అని రాసున్న వెల్వెట్ సెట్టుతో ఈ ప్లాన్ నడవదు.

గురువారం, సంగీత్. రాణి రంగు జార్జెట్ చున్నీ, సన్న గోటా అంచు. కుడి భుజం మీంచి ఏటవాలుగా దించి ఎడమ నడుం దగ్గర రెండు చివరలూ ముడేయండి, ముడి లోపల ఒక పిన్ను. చేతులు ఖాళీగా ఉంటాయి, డాన్సులో చున్నీ సర్దుకునే పని ఉండదు. మెడలో ఏమీ వద్దు. గెంతితే హారం గుండెల మీద కొడుతుంది, ఫోటోలో పక్కకి పోయి ఉంటుంది. పెద్ద చాంద్‌బాలీలు పెట్టుకుని, బరువు లాగకుండా మాటీలు జుట్టులోకి తగిలించండి. రెండు చేతులకీ రాణి, బంగారు లక్క గాజులు. ఆ సాయంత్రమే మెహందీ పెట్టించుకుంటే నేవీ మీద మరక కనబడదు గానీ చున్నీ మీద కనబడుతుంది, అది ఎండి రాలేదాకా చున్నీ తీసి పక్కన పెట్టండి.

శనివారం, వ్రతం. మామిడిపండు రంగు మంగళగిరి చున్నీ గానీ పట్టుచీర చున్నీ గానీ. ఇక్కడ జార్జెట్, నెట్ వద్దే వద్దు. హారతి పళ్లెం మీదికి వంగినప్పుడు సింథటిక్ గుడ్డ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. నూలైనా పట్టైనా సరే, ఎడమ భుజం మీద కుచ్చిళ్లు పెట్టి, వెనక చివరని నడుం వెనకగా తెచ్చి కుడి పక్క పిన్ను చేయండి. బాసింపట్టు వేసుకుని గంటన్నర కూర్చున్నా జారదు, వంగినా దీపం మీద పడదు.

నగల్లో పెద్దది మెడలో: గిల్టు కాసులపేరు. చెవులకి చిన్న బుట్టలు, చేతులకి ఎర్ర మట్టి గాజులు డజను, కాళ్లకి పట్టీలు. జడ గట్టిగా అల్లి మూరెడు మల్లెలు. ముదురు నేవీ వీపు మీద తెల్ల మల్లెలు చేసే పని ఏ నగా చేయదు, అదీ అతి తక్కువ ఖర్చులో. తడి పూలని ఓ పది నిమిషాలు గుడ్డ మీద ఆరనిచ్చి పెట్టుకోండి, లేకపోతే కుర్తా మీద నీటి మచ్చలు పడతాయి.

ఆదివారం, రిసెప్షన్. వెండి జరీ ఉన్న బూడిద రంగు టిష్యూ లేదా చందేరి చున్నీ. కుచ్చిళ్లు వద్దు, ఒక భుజం మీద విప్పి వదిలేయండి, పిన్ను ఒకటే. మూడు పేటల ముత్యాల చోకర్, చెవులకి ముత్యాల స్టడ్స్, ఒక చేతికే తెల్ల రాళ్ల కడియం. జుట్టు ముడి, పూలు లేకుండా. వెండి రంగు చెప్పులు, రెండు అంగుళాల హీల్. బంగారు రంగు ఒక్కటి కూడా లేకపోవడమే ఇక్కడ పని చేస్తుంది. నిన్న పసుపూ బంగారంలో చూసినవాళ్లకి ఇది వేరే డ్రెస్సులా కనిపిస్తుంది.

ఇదే సెట్టు సీమంతానికి వేస్తే వ్రతం లుక్కే సరిపోతుంది, ఒక్క మార్పు. వచ్చిన ముత్తైదువులకి గాజులు తొడిగే ఇళ్లుంటాయి. చేతినిండా వేసుకుని వెళితే వాళ్లు తొడిగేవి పట్టవు. చేతికి రెండు గాజులతో వెళ్లండి. హల్దీకి లేత చున్నీ తీసుకెళ్లొద్దు. పొరపాటున నూలు చున్నీ మీద పసుపు పడితే సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి. బాగా జాడించి ఎండలో వేస్తే పసుపు మెల్లగా వెలిసిపోతుంది. పట్టుని మాత్రం ఎండలో వదిలేయకండి, పసుపుతో పాటు దాని రంగూ పోతుంది.

## 7. ఎక్కువగా జరిగే పొరపాట్లు

వడ్డాణం పైకి జారుతోంది. చీరకైతే నడుం దగ్గర కుచ్చిళ్లు ఆపుతాయి, కుర్తాకి ఆపేదేమీ లేదు. నడుం సన్నగా ఉండే చోట, రెండు పక్క కుట్ల మీదా నేవీ దారంతో చిన్న లూపులు కుట్టించండి. చాలామందికి అది భుజం మీద నుంచి 14, 15 అంగుళాల కింద వస్తుంది. వడ్డాణం పెట్టుకున్న రోజు హారం వద్దు.

గిల్టు నగ రెండోసారికే నల్లబడింది. సెంటు కొట్టుకున్నాక నగ పెట్టుకోవాలి, నగ మీద సెంటు పడకూడదు. తీసిన వెంటనే పొడి నూలు గుడ్డతో చెమట తుడిచి, గాలి తీసిన జిప్ కవర్లో ఒక్కో నగ విడిగా పెట్టండి.

ఫోటోలో మొహం తెల్లగా పేలిపోయింది. ఫ్రేమంతా ముదురు గుడ్డ నిండితే ఫోను చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. తీసేవాళ్లని తెర మీద మొహాన్ని తాకి తీయమనండి.

కుర్తా మీద తెల్ల నూగు, పౌడరు. పౌడరు, డియోడరెంటు ముందు, కుర్తా తర్వాత. నూగుకి పార్సిల్ టేపుని జిగురు వైపు బయటికి పెట్టి అరచేతికి చుట్టుకుని అద్దండి. తడిచెయ్యితో తుడిస్తే ఇంకా పరుచుకుంటుంది.

## 8. బయల్దేరేముందు సంచిలో

- మూడు చున్నీలు, ఒక్కోటి వేరే కవర్లో. ఏ చున్నీ నగలు ఆ కవర్లోనే.
- పూసలెక్కించిన పిన్నీసులు 8, చిన్నవి 4, పెద్దవి 4
- నేవీ దారం ఎక్కించిన సూది
- పార్సిల్ టేపు చిన్న చుట్ట
- బట్టల క్లిప్పులు 3
- కమ్మల సీలలు అదనంగా రెండు జతలు
- కుర్తా తడిచినా చిరిగినా వేసుకోవడానికి అదే రంగు రెండో కుర్తా వద్దు. ఒక చీర పెట్టుకోండి చాలు